అత్తరు పెట్టె వయసెంత?

పాత వస్తువు ఏది కనిపించినా మనం ముందు అడిగేది ‘ఇది ఎన్నేళ్ల నాటిది?’ అని. అత్తరు బుడ్డి విషయంలో ఈ ప్రశ్నకి ఒక్క జవాబు సరిపోదు. గాజు ఒకచోట, ఒక కాలంలో తయారవుతుంది. బిరడా కింద పడి పగిలితే బజారు నుంచి ఇంకోటి వస్తుంది. మెడ చుట్టూ ఉన్న వెండి కట్టు ఇంకో ఊళ్లో, ఇంకో కంసాలి చేతిలో తయారై ఉండొచ్చు. ఈ మూడూ కలిసి మన చేతికి ఒకే బుడ్డిగా వస్తాయి. మూడింటినీ విడివిడిగా అడగాలి, మూడు జవాబులూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడాలి. అందులో అన్నిటికంటే చిన్న వయసున్న భాగం ఏదో, ఆ వస్తువు ఇప్పుడున్న రూపానికి వచ్చింది దాని తర్వాతే. ఇంతే సూత్రం. మిగతాదంతా చూపు, ఓపిక.

దీని గురించి నేను ఇంతగా చదవడానికి కారణం బుచ్చిరెడ్డిపాలెంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్న ఒక చెక్కపెట్టె. నెల్లూరి నుంచి ముంబై రోడ్డు మీద వెళ్తే వచ్చే ఊరు అది. దొడ్ల వారు కట్టించిన కోదండరామస్వామి గుడి అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెట్టె పొడవు ఒక జానెడు. లోపల వెలిసిపోయిన ఎర్ర మఖమలు, నాలుగు చదరపు గూళ్లు, నాలుగు గాజు బుడ్డీలు. మూడు చదరంగా ఒకే అచ్చులో ఉంటాయి. నాలుగోది గుండ్రం, దాని గూట్లో అది సరిగ్గా కూర్చోదు, చుట్టూ గుడ్డ పేలిక చుట్టి ఇరికించారు. ఇంట్లో వినిపించే కథ ప్రకారం ఢిల్లీ దర్బారు జరిగిన ఏడు, అంటే 1911లో, మా ముత్తవ్వ పెళ్లికి కలెక్టరు దొర ఇచ్చిన పెట్టె ఇది. గుండ్రటి బుడ్డి మాత్రం ‘తర్వాతెప్పుడో తిరునాళ్లలో కొన్నది’ అని అందరి నమ్మకం.

పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి అక్క వచ్చింది. పెట్టె తను తీసుకుపోతానంది. పెద్దమ్మకి అభ్యంతరం లేదు. కానీ ఇక్కడ చట్టం ఒకటుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాత్మక, హస్తకళా వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. ప్రభుత్వం, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. 1911 కథ నిజమైతే పెట్టె కదలకూడదు. అబద్ధమైతే సూట్‌కేసులో పెట్టుకుని పోవచ్చు. అంటే ఇంటి కథని నమ్మడం వల్ల నష్టం, నమ్మకపోవడం వల్ల లాభం వచ్చే పరిస్థితి. పెద్దమ్మ పెట్టె నా ముందు పెట్టి, ‘అబ్బయా, నువ్వే చూసి చెప్పరా, ఎవురి మాటా ఇనకుండా చెప్పు’ అంది.

లోపల ఏముండేది?

వయసు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఈ బుడ్డీలు దేనికి చేసినవి అన్నది. మన ఇళ్లలో సువాసన మూడు రకాల ద్రవాల్లో ఉండేది. మూడింటికీ మూడు రకాల మూతలు కావాలి.

పన్నీరు నీళ్లలాంటిది. అది చల్లడానికి. అందుకే పన్నీరు బుడ్డికి పొడుగు మెడ, చివర చిల్లుల మూత ఉంటాయి. పెళ్లిలో ఎదురుకోలు దగ్గర చేతిలో పట్టుకుని నిలబడే వెండి బుడ్డి అదే. పని కాగానే మిగిలింది పారబోస్తారు కాబట్టి దాని మూత గాలి చొరకుండా బిగుతుగా ఉండాల్సిన పని లేదు.

అత్తరు నూనె. పూల సారాన్ని చందనం నూనెలోకి దింపి తీస్తారు. అది తొందరగా ఆవిరి కాదు. దూది పుల్లతో తీసి చెవి వెనకో, మణికట్టు మీదో రాస్తారు. అంచేత అత్తరు బుడ్డి చిన్నదిగా ఉండాలి, బిరడాకి అడుగున ఒక పొడుగాటి గాజుపుల్ల ఉంటే ఇంకా మంచిది. విందులో అతిథుల ముందు పెట్టే అత్తరుదాని వేరు. అది వెండితోనో బిద్రీతోనో చేసిన భరిణె. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పనితనం చూసిన వాళ్లకి ఆ నల్లటి జింకు లోహం మీద వెండి పొదుగు గుర్తుండే ఉంటుంది.

ఇక సెంటు. ఈ మాటే ఇంగ్లీషు నుంచి వచ్చింది, వస్తువూ అటునుంచే వచ్చింది. ఇందులో ఉండేది ఆల్కహాలు. మూత వదులుగా ఉంటే నెలలో బుడ్డి ఖాళీ. కాబట్టి సెంటు బుడ్డీకి బిరడాని, మెడ లోపలి భాగాన్ని ఇసుకరాతి పొడితో ఒకదానికొకటి అరగదీసి అతుక్కునేలా చేస్తారు. పైన ఇంకో లోహపు మూత కూడా వేస్తారు.

మా పెట్టెలోని చదరపు బుడ్డీల బిరడాలు మూడింటి కిందా మంచు పట్టినట్టు గరుకు బూడిదరంగు ఉంది. గాజుపుల్లలు లేవు. అంటే ఇవి పుట్టింది సెంటు కోసం. అడుగున గట్టిపడిన బంకలాంటి నూనె మడ్డి మాత్రం అత్తరుది. ఇంగ్లీషు పద్ధతి బుడ్డీలో మనవాళ్లు అత్తరు పోసుకున్నారు. ఈ చిన్న సంగతి నాకు చాలా నచ్చింది గానీ, ఇది వయసు చెప్పదు.

అతుకు గీత, అడుగు మచ్చ

గాజు సీసాల వయసు గురించి ఏ అమెరికన్ పుస్తకం తెరిచినా రెండు సూత్రాలు ముందే కనిపిస్తాయి. మొదటిది అతుకు గీత. అచ్చులో ఊదిన సీసాకి పక్కల నిలువునా సన్నని గీత ఉంటుంది. ఆ గీత మెడ కిందే ఆగిపోతే మూతిని చేత్తో సరిచేసినట్టు. మూతి అంచు దాకా పోతే యంత్రం చేసినట్టు. మైకేల్ ఓవెన్స్ పూర్తిగా యంత్రంతో సీసా చేయడం 1903లో మొదలుపెట్టాడు కాబట్టి గీత అంచు దాకా ఉంటే ఆ తర్వాతదే. రెండోది అడుగు మచ్చ. చేత్తో ఊదినప్పుడు సీసాని అడుగు నుంచి ఒక ఇనుపకడ్డీకి అతికించి పట్టుకుంటారు. కడ్డీ విరిచేశాక అక్కడ గరుకు మచ్చ మిగులుతుంది. ఖరీదైన వాటికి ఆ మచ్చని అరగదీసి నున్నటి చిన్న గుంట చేస్తారు.

ఈ సూత్రాలు ఒకవైపే పనిచేస్తాయన్నది మనం గుర్తుపెట్టుకోవాలి. గీత మూతి దాకా ఉంటే ‘పాతది కాదు’ అని గట్టిగా చెప్పొచ్చు. గీత లేకపోతే, మచ్చ ఉంటే ‘పాతది’ అని చెప్పడానికి లేదు. ఎందుకంటే మన దేశంలో చేత్తో గాజు ఊదడం ఎప్పుడూ ఆగిపోలేదు. ఫిరోజాబాదులో ఇవాళ ఊదిన బుడ్డీకి కూడా అడుగు మచ్చ ఉంటుంది. ఓహాయోలో పనికొచ్చే లెక్క ఉత్తరప్రదేశ్‌లో పనికిరాదు. ఇంటర్నెట్లో ‘అడుగు మచ్చ ఉంది, నూటయాభై ఏళ్లనాటిది’ అని అమ్మకానికి పెట్టిన సీసాల్లో చాలావాటి సంగతి ఇదే.

మా చదరపు బుడ్డీలకి అతుకు గీత ఎక్కడా లేదు. అడుగున నున్నగా అరగదీసిన గుంట ఉంది. సరే, చేతిపని. అంతవరకే.

అడుగున ఇంకోటి చూడాలి, అరుగుదల. వందేళ్లు చెక్కమీద, రాతిమీద జరిగిన సీసా అడుగున నేలకి తగిలే అంచు మీద మాత్రమే సన్నని గీతలు పడతాయి. అవి అన్ని దిక్కులకీ, రకరకాల లోతుల్లో ఉంటాయి. పాతదిగా చూపించాలని గరుకు కాగితంతో రుద్దిన దాని మీద గీతలు ఒకే దిక్కుకి, ఒకే లోతులో, నేలకి తగలని చోట కూడా కనిపిస్తాయి. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. మా మూడింటికీ అంచుమీదే, చిందరవందరగా ఉన్నాయి. అయితే మఖమలు గూట్లో కూర్చునే బుడ్డీకి అరుగుదల తక్కువే ఉండాలి. ఇంత అరిగాయంటే ఏదో ఒక కాలంలో వీటిని పెట్టె బయట, అద్దం బల్ల మీద రోజూ వాడారన్నమాట.

బిరడాని తూచడం

ఇక్కడ నాకు ఇంజనీరింగు చదువు అక్కరకొచ్చింది. గాజుల్లో రకాలు కంటికి తెలియవు, బరువుకి తెలుస్తాయి. మామూలు సోడా సున్నపు గాజు, అంటే కిటికీ అద్దం, సోడా సీసా, ఘనసెంటీమీటరుకి రెండున్నర గ్రాములు తూగుతుంది. సీసం కలిపిన గాజు మూడు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. సీసం బాగా ఎక్కువైతే మూడు దాటుతుంది. ప్రయోగశాల గాజు బోరోసిలికేట్ రెండుంబావు కంటే తక్కువ, 2.23.

సాంద్రత కొలవడానికి ల్యాబు అక్కర్లేదు. గ్రాములో పదోవంతు చూపే చిన్న త్రాసు, ఒక గ్లాసు నీళ్లు, దారం ఉంటే చాలు. ముందు బిరడాని మామూలుగా తూచాలి. తర్వాత నీళ్ల గ్లాసుని త్రాసు మీద పెట్టి అంకెని సున్నాకి తేవాలి. బిరడాకి దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా పట్టుకోవాలి. ఇప్పుడు త్రాసు చూపే గ్రాములు బిరడా తోసేసిన నీళ్ల బరువు. నీళ్లు ఘనసెంటీమీటరుకి ఒక గ్రాము కాబట్టి అదే దాని ఘనపరిమాణం. మొదటి అంకెని రెండో అంకెతో భాగిస్తే సాంద్రత. బిరడా బోలుగా ఉండకూడదు, గాలి బుడగలు అంటుకుని ఉండకూడదు. ఈ రెండూ లెక్కని తక్కువ చేసి చూపిస్తాయి.

మొదటి బుడ్డి బిరడా 24.6 గ్రాములు, నీళ్లలో 7.9. అంటే 3.11. రెండోది 25.1కి 8.1, అంటే 3.10. మూడోది 21.8కి 8.7, అంటే 2.51. నా త్రాసు గ్రాములో పదోవంతు అటూ ఇటూ చెప్పొచ్చు. ఆ తేడా వేసుకున్నా మొదటిది 3.06 కిందికి రాదు, మూడోది 2.55 పైకి పోదు. మొదటి రెండూ సీసం గాజు, మూడోది మామూలు గాజు. చూడ్డానికి మూడూ ఒకటే.

సీసం గాజు అంటే పాతదని అర్థం కాదు. జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1670ల్లో ఇంగ్లండులో దాన్ని నిలబెట్టిన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా చేస్తూనే ఉన్నారు. అది చెప్పేది కాలం కాదు, సంప్రదాయం. సాన పట్టిన ఇంగ్లీషు గాజుకి సీసం ఆనవాయితీ. బొహీమియా వాళ్లది ఎక్కువగా పొటాష్ గాజు, అది తేలిక. అందుకని ఇవి ఇంగ్లీషు దారిలో వచ్చినవని ఊహించొచ్చు.

ఇదే పరీక్ష ఇంకో చోట బాగా పనికొస్తుంది. నెల్లూరు, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లొచ్చిన వాళ్ల ఇళ్లలో పూరేకుల్లా పల్చగా, బంగారు రంగు పూతతో ఉండే అత్తరు బుడ్డీలు కనిపిస్తాయి. కైరో పనితనం. రెండు తరాలు గడిచాక వాటికీ ‘నవాబుల నాటివి’ అని పేరొస్తుంది. వాటిలో చాలావాటి గాజు బోరోసిలికేట్. గట్టి బిరడా సాంద్రత 2.23 దగ్గర తేలితే అది నవాబుల నాటిది కాదు. ఆ గాజు పుట్టిందే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, జర్మనీలో ఒట్టో షాట్ చేతిలో. పైరెక్స్ పేరుతో అమెరికాలో ఇంటింటికీ చేరింది 1915 తర్వాత.

జంట అంకెలు

రెండో బుడ్డి బిరడా ముందు ఊడి రాలేదు. అత్తరు మడ్డి ఎండి జిగురులా పట్టేసింది. ఇలాంటప్పుడు బలం ఉపయోగిస్తే మెడ విరుగుతుంది. సందులో ఒక చుక్క పల్చటి నూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ మెడకి మాత్రమే చుట్టాను. మెడ వేడికి కొంచెం వ్యాకోచిస్తుంది, లోపలి బిరడాకి ఆ వేడి తర్వాత అందుతుంది. ఆ మధ్య వ్యవధిలో చెక్క గరిటె కాడతో మెల్లగా నాలుగు వైపులా తడితే కదిలింది. మరిగే నీళ్లు వాడకూడదు, పాత సీసం గాజు పగులుతుంది.

బిరడా బయటికొచ్చాక అసలు సంగతి దొరికింది. అరగదీసిన భాగం అడుగున గీరిన అంకె, 15. బుడ్డి కింద అడుగు అంచు దగ్గర కూడా అంతే చిన్నగా 15. మొదటి బుడ్డికి రెండు చోట్లా 14. ఇది కార్ఖానాలో గీసే అంకె. బిరడాని ఆ మెడలోనే పెట్టి అరగదీస్తారు కాబట్టి అది ఇంకో బుడ్డీకి సరిపోదు. కలిసిపోకుండా జంటకి ఒకే అంకె గీస్తారు. రెండు అంకెలూ ఒకటైతే బిరడా ఆ బుడ్డితో పుట్టినట్టు. వేరైతే, లేకపోతే, మార్చినట్టు.

మూడో బుడ్డి అడుగున 16 ఉంది. బిరడా మీద ఏమీ లేదు. మెడలో పెట్టి వేలితో తడితే టకటక ఊగుతుంది. తేలిక గాజు, అంకె లేదు, బిగుతు లేదు. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్తున్నాయి. అసలు బిరడా ఎప్పుడో పగిలింది, ఎవరో దానిలాంటిదే వెతికి తెచ్చారు. ఆ వెతికిన మనిషి శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది, సాన కోణాలు కూడా దాదాపు కలిశాయి.

14, 15, 16. వరుస అంకెలు. ఈ మూడు బుడ్డీలూ ఒకే పనివాడి బల్ల మీద వెంటవెంటనే అరిగి ఉండాలి. పెట్టెలో నాలుగో గూడు కూడా చదరమే కాబట్టి, ఒకప్పుడు 13 గానీ 17 గానీ అక్కడ కూర్చుని ఉండాలి. అది పోయింది. దాని చోట్లోకి గుండ్రటిది వచ్చింది.

గుండ్రటి బుడ్డి

ఇంట్లో ఎవరూ లెక్కచేయని ఈ బుడ్డికి మెడ చుట్టూ నల్లబడ్డ లోహపు కట్టు, దానికి మడతబందుతో మూత, మూత కింద చిన్న గాజు బిరడా. జర్మన్ సిల్వర్ అనుకున్నారంతా. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం అది. దాని మీద వెండి పూత పూసినవాటి మీద తరచుగా ఈపీఎన్‌ఎస్ అనే అక్షరాలు ఉంటాయి. విద్యుత్తుతో పూత పూసే పద్ధతికి ఎల్కింగ్‌టన్ కంపెనీ పేటెంటు తీసుకున్నది 1840లో కాబట్టి ఆ అక్షరాలున్నది దానికంటే పాతది కాలేదు.

వెండి అవునో కాదో మన కంసాలి గీటురాయి మీద చెప్పేస్తాడు. గీటురాయి వన్నె చెబుతుంది, వయసు చెప్పదు. మన దగ్గర చేసిన పాత వెండి పన్నీరు బుడ్డీల మీద సాధారణంగా ఏడాది తెలిపే ముద్ర ఉండదు. వాటి వయసు పనితనం చూసి, అరుగుదల చూసి అంచనా వేయాల్సిందే. బొటనవేలు ఆనే చోట పూల నగిషీ చదునైపోయి ఉంటే అది చేతుల్లో తిరిగిన వస్తువు. నగిషీ అంతా పదునుగా ఉండి, గుంటల్లో మాత్రం నలుపు ఒకే తీరుగా నిండి ఉంటే, ఆ నలుపు గంధకం మందుతో పెట్టిందేమో అని అనుమానించాలి.

ఇంగ్లండు వెండి సంగతి వేరు. అక్కడ పరీక్షశాల ముద్ర వేయాలి, ఆ ముద్రలో ఏడాదికో అక్షరం ఉంటుంది. మా బుడ్డి మూత లోపల, భూతద్దంలో, నాలుగు గుర్తులు కనిపించాయి. చేసినవాళ్ల పొడి అక్షరాలు, సగం అరిగిపోయాయి. లంగరు, అంటే బర్మింగ్‌హామ్. నడుస్తున్న సింహం, అంటే స్టెర్లింగ్ వెండి. చివర చిన్న బడి హెచ్ అక్షరం.

బర్మింగ్‌హామ్‌లో అక్షరాల చక్రం దాదాపు పాతికేళ్లకోసారి మళ్లీ మొదటికి వస్తుంది. 1875లో మొదలైన చక్రంలో హెచ్ అంటే 1882. 1900లో మొదలైన చక్రంలో 1907. 1925లో మొదలైంది పెద్ద బడి అక్షరాలతో కాబట్టి అది పక్కకి పోతుంది. మిగిలినవి రెండు. 1882 చక్రంలో అక్షరాలు గోతిక్ వంపులతో ఉంటాయి, ఇది సాదా అచ్చు అక్షరం. రెండో ఆధారం కూడా ఉంది. 1784 నుంచి 1890 దాకా ఇంగ్లండు వెండి మీద సుంకం ఉండేది, కట్టినట్టుగా రాజో రాణో తల ముద్ర వేసేవారు. ఇక్కడ ఆ తల లేదు. కొన్ని చిన్న వస్తువులకి సుంకం మినహాయింపు ఉండేది కాబట్టి తల లేకపోవడం ఒక్కటే అయితే చాలదు. అక్షరం రూపంతో కలిపితే చాలు. 1907.

ముద్ర చెప్పేది వెండి వయసు, గాజు వయసు కాదు. అందుకే కట్టు మీద కూడా చూశాను. అక్కడ సింహం, అదే హెచ్. మూత, కట్టు ఒకే ఏడాదివి. కట్టుకీ గాజుకీ మధ్య పసుపు తిరిగిన పాత లప్పం చెక్కుచెదరకుండా చుట్టూ ఉంది, ఊడదీసి మళ్లీ అతికించిన జాడ లేదు. కొత్తగా అతికిస్తే ఈ కాలం జిగురు నిగనిగలాడుతూ కనబడేది. కాబట్టి గాజు కూడా అప్పటిదే అనుకోవడానికి అడ్డం లేదు.

ముద్ర ఇంకా చదవగలిగేలా మిగలడానికి కారణం, దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే. మన ఇళ్లలో వెండిని విభూతితో, ఇత్తడిని చింతపండుతో తోముతాం. పండక్కి రెండుసార్ల చొప్పున వందేళ్లు తోమితే సింహమూ పోతుంది, లంగరూ పోతుంది. పాత వెండి చేతికొస్తే ముందు ముద్ర వెతకండి, ఫోటో తీయండి, తోమడం తర్వాత.

స్టార్ స్క్రూ

పెట్టె చెక్క వయసు నేను చెప్పలేదు, ఇత్తడి మడతబందుల్ని అడిగాను. ఎడమ బందుకి ఉన్నవి ఒక్క గీత స్క్రూలు. ఒకటి ఊడదీస్తే మొన సూదిగా ఉంది. అంతకుముందు స్క్రూల చివర మొండిగా ఉండేది. మొన ఉన్నవి యంత్రాల మీద విరివిగా తయారైంది 1850ల నుంచి. బర్మింగ్‌హామ్‌లో నెటిల్‌ఫోల్డ్, చాంబర్లిన్‌ల ఫ్యాక్టరీ వాటితోనే ఎదిగింది. కాబట్టి పెట్టె 1850కి ముందుది కాకపోవచ్చు. కుడి బందుకి ఉన్నవి మాత్రం స్టార్ స్క్రూలు, మన ఫ్యానుకీ స్విచ్చుబోర్డుకీ ఉండేవి. వాటి పేటెంట్లే 1930ల నాటివి. కుడి బందు ఊడితే ఎవరో వడ్రంగి ఆ తర్వాతెప్పుడో బిగించాడు. మొత్తం పెట్టెలో అన్నిటికంటే చిన్న వయసు వాటిదే. ఇప్పుడున్న రూపంలో ఈ పెట్టె 1930లకి ముందు లేదు.

మరి 1911 కథ ఏమైంది? 1907 నాటి బుడ్డి 1911 పెళ్లిలో ఉండొచ్చు, ఏ అడ్డూ లేదు. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1849లో మొదలైన పి. ఆర్ అండ్ సన్స్ లాంటి దుకాణాలు మద్రాసులో దొరలకీ జమీందార్లకీ వెండి సామాను, గడియారాలు అమ్ముతుండేవి. ఇలాంటి ఇంగ్లీషు బుడ్డి కావాలంటే కలెక్టరు దాకా పోనక్కర్లేదు, మద్రాసు దాకా పోతే చాలు. మా పెట్టె మీద ఏ దుకాణం పేరూ లేదు కాబట్టి ఇక్కడితో ఆగాలి. గాజు, వెండి ఎప్పుడు తయారైందో చెప్తాయి. ఎవరు ఇచ్చారో చెప్పవు.

చట్టం విషయానికొస్తే సంగతి తిరగబడింది. తిరునాళ్ల బుడ్డి అని పక్కన పెట్టిందే వందేళ్లు దాటిందని ముద్రతో సహా రుజువున్న వస్తువు. ‘అసలైనవి’ అనుకున్న మూడింటికీ తేదీ చెప్పే సాక్ష్యం ఏదీ లేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ల మధ్యవి అయి ఉంటాయని నా అంచనా. అంచనా పట్టుకుని కస్టమ్స్ దాటడం కుదరదు. పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది భారత పురావస్తు సర్వే నిపుణుల కమిటీ. వాళ్ల దగ్గరికి పోవాలి, అప్పటిదాకా ఆగాలి.

ఈ మాట చెప్తే అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత గుండ్రటి బుడ్డిని చేతిలోకి తీసుకుని, ‘చిన్నప్పుడు దీన్నే మాకు ఆడుకోడానికి ఇచ్చేవాళ్లు’ అంది. పెద్దమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. ‘ఈడనే ఉండనీ, యాడికి పోతాది’ అంది.

ఎవరైనా రేపు దీన్ని మళ్లీ తెరిస్తే మొదటి నుంచి వెతుక్కోకూడదని, ఒక కాగితం రాసి మఖమలు కింద పెట్టాం. అందులో ఉన్నది ఇది. 14, 15 అంకెల బుడ్డీలు, బిరడాలతో సహా జంటలు, సీసం గాజు, తేదీ తెలియదు. 16 అంకె బుడ్డి, బిరడా మార్చినది. గుండ్రటి బుడ్డి, వెండి కట్టు, బర్మింగ్‌హామ్, 1907, తోమకండి. కుడి మడతబందు 1930ల తర్వాతది. ముత్తవ్వ పెళ్లి 1911 అని పెద్దమ్మ చెప్పింది. కలెక్టరు సంగతి కూడా పెద్దమ్మ చెప్పిందే.